బరువుల సాధన – 6వ పాఠం: చేతులెత్తేసేదాకా వెళ్లాలా, ముందే ఆపాలా?

పోయిన పాఠంలో మొదలుపెట్టే బరువు ఎలా ఎంచుకోవాలో చూశాం. నోట్‌బుక్‌లో ప్రతి సెట్‌కూ బరువు, రెప్‌ల సంఖ్య రాయమన్నాను. ఈ రోజు ఆ రెండింటి పక్కన మూడో అంకె చేరుస్తాం. సెట్ ఆపిన క్షణంలో, ఇంకా ఎన్ని రెప్‌లు చేయగలిగేవారో చెప్పే అంకె అది. దానికి ‘మిగులు’ అని పేరు పెట్టుకుందాం. 60 కిలోలతో 8 రెప్‌లు చేసి, ఇంకో రెండు వచ్చేవని అనిపించినా ఆపేస్తే, ‘60 × 8, మిగులు 2’ అని రాస్తాం.

జిమ్‌లో ఫెయిల్యూర్ అనే మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు వాడతారు. మంటగా ఉందని ఆపేసినా ఫెయిల్యూరే అంటారు, పక్కవాడు సగం బరువు మోస్తే వచ్చిన రెప్‌నీ అదే లెక్కలో వేస్తారు. మన పాఠాల్లో దానికి ఒకటే అర్థం. మొదటి రెప్ ఏ తీరులో చేశారో అదే తీరులో ఇంకో రెప్ కోసం పూర్తి బలంతో ప్రయత్నించారు, బరువు మధ్యలో ఆగిపోయింది. అదీ ఫెయిల్యూర్. కర్ల్స్‌లో నడుము ఊపి పైకి తెచ్చిన రెప్ లెక్కలోకి రాదు. ఊపాల్సి వచ్చిందంటే సెట్ అంతకు ముందు రెప్‌తోనే అయిపోయినట్టు.

ఇక అసలు ప్రశ్న. కండ పెరగాలంటే అక్కడిదాకా వెళ్లి తీరాలా?

కండలోని పోగులను శరీరం ఒక్కసారిగా పనిలోకి దింపదు. చిన్న గుంపుల్ని ముందు పిలుస్తుంది, అవసరం పెరిగేకొద్దీ పెద్ద గుంపుల్ని దింపుతుంది. ఎల్వుడ్ హెన్నెమన్ అనే శాస్త్రవేత్త 1950లు, 60లలో నరాల మీద చేసిన ప్రయోగాల్లో ఈ వరస బయటపడింది. బరువు తేలికైనదైతే మొదటి రెప్‌లలో చిన్న గుంపులే సరిపోతాయి. అవి అలిసిపోతుంటే పెద్దవి రంగంలోకి వస్తాయి. బరువు బాగా ఎక్కువైతే మొదటి రెప్ నుంచే దాదాపు అన్నీ పనిచేయాలి. కండ పెరగడానికి ఎక్కువగా ఉపయోగపడేది ఈ పెద్ద గుంపులు కూడా గట్టిగా లాగే దశ.

ఆ దశ ఫెయిల్యూర్ దగ్గర మొదలవదు, దానికి కొన్ని రెప్‌ల ముందే మొదలవుతుంది. అందుకే 1 నుంచి 3 రెప్‌లు మిగిల్చి ఆపినా కండ పెరుగుదలలో పోగొట్టుకునేది చాలా తక్కువ. బలం ఒక్కటే కావాలనుకునేవాళ్లు ఇంకాస్త మిగిల్చుకున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే వాళ్లకు ముఖ్యం బరువు, రెప్ తీరు. తేలిక బరువుతో 25, 30 రెప్‌లు చేసే సెట్ మాత్రం వేరు. అక్కడ దాదాపు చివరిదాకా వెళ్లాల్సిందే, 10 మిగిల్చి ఆపితే పెద్ద గుంపులకు పని పడదు.

లాభం తక్కువైనా పోనీ అని ప్రతి సెట్‌నూ చివరిదాకా లాగితే ఏమవుతుంది? నా పాత నోట్‌బుక్‌లోంచి రెండు రోజులు చూపిస్తాను. రెండూ బెంచ్ ప్రెసే, రెండూ 60 కిలోలే, సెట్ల మధ్య విరామం కూడా ఒకటే. మొదటి రోజు మూడు సెట్లూ ఫెయిల్యూర్‌దాకా వెళ్లాను: 10, 7, 5. మొత్తం 22. తర్వాతి వారం మొదటి సెట్ రెండు మిగిల్చి ఆపాను: 8, 8, 7. మొత్తం 23. మొదటి రోజు ఇంటికి వెళ్లేటప్పుడు చాలా కష్టపడ్డానన్న తృప్తి ఉంది, లెక్కలో మాత్రం ఒక రెప్ తక్కువ. దాని తర్వాత చేసిన ఇంక్లైన్ ప్రెస్ కూడా నీరుగారింది. మొదటి సెట్‌లో పిండుకున్న ఆ రెండు రెప్‌ల బాకీ మిగతా సెట్లు తీర్చాయన్నమాట.

కానీ ఈ లెక్క అన్ని వ్యాయామాలకూ ఒకేలా ఉండదు. ఏది ఫెయిల్యూర్‌కు తగినదో తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది: బరువు మధ్యలో ఆగిపోతే అది ఎక్కడికి పోతుంది? లాటరల్ రైజ్‌లో చెయ్యి కిందికి దిగిపోతుంది, అంతే. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్‌లో పలకలు వెనక్కి వెళ్లి కూర్చుంటాయి. బెంచ్ ప్రెస్‌లో బార్ మీ ఛాతీ మీదికి వస్తుంది. ఇది నాకు అనుభవంతో తెలిసిన సంగతి. ఒంటరిగా చేస్తూ, ప్లేట్లకు క్లాంపులు బిగించి మరీ చివరి రెప్‌కు పోయాను. బార్ ఛాతీ మీద ఆగింది. ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చేద్దామంటే క్లాంపులు ఉన్నాయి. పొట్ట మీదుగా దొర్లిస్తుంటే ఒకాయన పరుగెత్తుకొచ్చి ఎత్తాడు. “అన్నా, పిన్నులున్న ర్యాక్ ఖాళీగానే ఉందిగా!” అన్నాడు. నిజమే, ఉంది. బెంచ్ మీద ఫెయిల్యూర్ ప్రయత్నించాలంటే ఛాతీ ఎత్తుకు సరిచేసిన సేఫ్టీ పిన్నులైనా ఉండాలి, తల దగ్గర నిలబడి చూసే మనిషైనా ఉండాలి. రెండూ లేకపోతే రెండు మిగిల్చి ఆపండి.

రెండో ప్రశ్న: ముందు చేతులెత్తేసేది ఏది? మీరు పెంచాలనుకున్న కండేనా, ఇంకేదైనానా? కర్ల్స్‌లో బైసెప్సే ముందు ఆగుతుంది, కాబట్టి ఆ సెట్ దానికే ఉపయోగపడింది. 12 రెప్‌ల స్క్వాట్‌లో చాలామందికి తొడల కంటే ముందు ఊపిరి, నడుము అయిపోతాయి. డెడ్‌లిఫ్ట్‌లో పట్టు జారుతుంది, లేదా వీపు గుండ్రంగా వంగడం మొదలవుతుంది. వంగి చేసే బార్‌బెల్ రోలో వీపు కండలు ఇంకా లాగగలిగినా నడుము నిలబడదు. ఇలాంటి వాటిలో ఫెయిల్యూర్‌కు వెళ్లి మీరు అలిసేలా చేసేది మీరు కోరుకోని భాగాన్ని. వీపు వంగిన మొదటి రెప్ దగ్గరే సెట్ ముగించాలి. ఇంకా మంచిది, దానికి రెండు మూడు ముందే ఆపడం.

రెండు ప్రశ్నలకూ సానుకూలమైన జవాబు వచ్చేవి లాటరల్ రైజ్, కర్ల్స్, కేబుల్ పుష్‌డౌన్, లెగ్ ఎక్స్‌టెన్షన్, లెగ్ కర్ల్, కాఫ్ రైజ్ లాంటివి. మధ్యలో కొన్ని ఉన్నాయి. లెగ్ ప్రెస్‌లో స్టాపర్లు సరిగ్గా పెట్టుకుంటే అప్పుడప్పుడు వెళ్లొచ్చు. పుల్-అప్స్‌లో ప్రమాదం లేదు, కాళ్లు నేల మీద పెట్టేస్తే సరి. కానీ మొదటి సెట్‌లోనే ఫెయిలైతే తర్వాతి సెట్లలో రెప్‌లు దారుణంగా పడిపోతాయి కాబట్టి చివరి సెట్‌కే ఉంచుకోండి. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి నెట్టే చివరి రెప్‌ల జోలికి డాక్టర్‌ను అడగకుండా వెళ్లొద్దు, ఆ క్షణంలో బీపీ బాగా ఎగబాకుతుంది.

ఇదంతా మీ మిగులు అంచనా సరైనదైతేనే పనికొస్తుంది. కొత్తవాళ్లు ‘రెండే మిగిలాయి’ అన్నచోట నిజంగా ఐదారు మిగిలి ఉండటం మామూలే. మంటను, ఆయాసాన్ని చూసి అంతా అయిపోయిందనుకుంటారు. మంట కంటే వేగం నమ్మదగిన గుర్తు. మీరు పూర్తి బలంతో నెడుతున్నా రెప్ దానంతట అదే నెమ్మదిస్తే చివర దగ్గరపడ్డట్టు. అన్ని రెప్‌లూ ఒకే వేగంతో పోతుంటే, ముఖం ఎంత చిట్లించినా ఇంకా చాలా ఉన్నట్టే.

అంచనాను సరిచూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. లెగ్ ఎక్స్‌టెన్షన్ చివరి సెట్ చేయండి. ‘ఇక రెండే’ అనిపించగానే మనసులో ‘ఇక్కడ’ అనుకుని, ఆపకుండా, నిజంగా ఆగిపోయేదాకా వెళ్లండి. ‘ఇక్కడ’ తర్వాత వచ్చిన రెప్‌లు లెక్కపెట్టండి. ఐదు వచ్చాయనుకోండి, మీ ‘రెండు’ అసలు విలువ ఐదు. మూడు నాలుగు వారాలకోసారి ఇలా చేస్తే చాలు. ఫెయిల్యూర్‌తో నాకు కనిపించే పెద్ద ప్రయోజనం ఇదే, అది కొలబద్దలా పనిచేస్తుంది. రెప్‌లు ఎక్కువున్న సెట్లలో అంచనా ఇంకా ఎక్కువ తప్పుతుందని గుర్తుంచుకోండి. 6 రెప్‌ల సెట్‌లో పట్టుకున్నంత సులువుగా 20 రెప్‌ల సెట్‌లో చివరను పట్టుకోలేం.

ఇప్పుడు ఒక ఉదాహరణ. వారానికి రెండుసార్లు, సోమ, గురువారాల్లో ఛాతీ, భుజాలు, ట్రైసెప్స్ చేసే ఒక మనిషిని తీసుకుందాం. నాలుగు నెలల అనుభవం ఉంది. అతని పట్టిక ఇలా వేస్తాను. బెంచ్ ప్రెస్ మూడు సెట్లు, అన్నీ మిగులు 2. డంబెల్ ఇంక్లైన్ ప్రెస్ రెండు సెట్లు, మిగులు 1 లేదా 2. లాటరల్ రైజ్ మూడు సెట్లు, మిగులు 2, 1, 0. చివర పుష్‌డౌన్ రెండు సెట్లు, మిగులు 1, 0. అంటే ఆ రోజంతా ఫెయిల్యూర్‌కు వెళ్లేవి రెండే సెట్లు, రెండూ చిన్న కండలవి, రెండూ ఆయా వ్యాయామాల్లో చివరివి.

మొదటి రెండు వారాలు బెంచ్ 50 కిలోలతో 8, 8, 7 వచ్చింది. మూడో వారం గురువారం 8, 6, 5. ఏం జరిగిందో నోట్‌బుక్ తిరగేస్తే దొరికింది. ఉత్సాహం ఎక్కువై సోమవారం పుష్‌డౌన్ నాలుగు సెట్లు చేశాడు, నాలుగూ ఫెయిల్యూర్‌దాకా. బెంచ్ ప్రెస్‌లో బార్‌ను పైదాకా నెట్టి మోచేతులు చాచేది ట్రైసెప్సే. సోమవారం వాటిని పిండేస్తే గురువారానికి పూర్తిగా కోలుకోలేదు. చిన్న కండకు ఫెయిల్యూర్ చౌకే, కానీ ఆ కండ పెద్ద లిఫ్ట్‌లోనూ కూలి చేస్తుందని మరిచిపోయాడు.

అతనికి బెంచ్ బరువు తగ్గించమని చెప్పలేదు. సోమవారం పుష్‌డౌన్ మిగులు 2 దగ్గర ఆపమన్నాను. ఫెయిల్యూర్ సెట్‌ను గురువారానికి మార్చాం, ఎందుకంటే గురువారం తర్వాత సోమవారందాకా మూడు ఖాళీ రోజులున్నాయి, సోమ, గురువారాల మధ్య రెండే. తర్వాతి వారం గురువారం 8, 8, 7 తిరిగొచ్చింది.

మీకూ ఇదే గుర్తు. అదే బరువుతో, అదే విరామంతో, వరసగా రెండుసార్లు మొదటి సెట్‌లోనో మొత్తంలోనో రెప్‌లు తగ్గితే ముందు ఫెయిల్యూర్ సెట్లను తీసేయండి, సెట్ల సంఖ్యను ఇంకా ముట్టుకోవద్దు. అతనికి దొరికినట్టు నోట్‌బుక్‌లో కారణం కనిపించకపోతే, ఒక్కసారి తగ్గినదాన్ని పట్టించుకోనక్కర్లేదు, నిద్ర సరిగా లేని రోజు కూడా అలాగే జరుగుతుంది. సాధన మొదలుపెట్టి మూడు నెలలు కానివాళ్లు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్‌లలో ఫెయిల్యూర్ ఊసే ఎత్తకండి. రెప్ తీరు ఇంకా కుదురుకోలేదు కాబట్టి మీరు ఆగిపోయేది బలం చాలకనా, తీరు చెడా అన్నది మీకే తెలియదు.

ఈ వారం పని: ఇప్పుడు చేస్తున్న వ్యాయామాలన్నీ నోట్‌బుక్‌లో ఒక పేజీలో రాసి, ఒక్కోదాని పక్కన ఆ రెండు ప్రశ్నలకూ జవాబు రాయండి. రెండూ సానుకూలంగా వచ్చిన వాటిలోంచి ఒక్కటే ఎంచుకుని, దాని చివరి సెట్‌లో ‘ఇక్కడ’ పరీక్ష చేయండి. మీ అంచనాకూ, నిజంగా వచ్చిన రెప్‌లకూ ఉన్న తేడా పేజీ కింద రాసి ఉంచండి. వచ్చే పాఠంలో బరువు ఎప్పుడు పెంచాలో ఆ అంకెతోనే లెక్క వేస్తాం.