గ్యాస్ బండ ఫొటోలో కోడ్: 2025 నవంబర్‌లో B-25 అయితే వెనక్కి, D-25 అయితే లోపలికి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలా ఇళ్లలో ఇప్పుడు పెద్దవాళ్లే మిగిలారు. బండ దిగగానే ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టి, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకుకో మేనల్లుడికో వాట్సాప్ చేస్తారు: "ఏటిరా, దీని డేటు అయిపోనాదా?" ఫొటో మసగ్గా ఉంటుంది, కోడ్ సగమే కనిపిస్తుంది. అవతల డెలివరీ అబ్బాయి ఆటో స్టార్ట్ చేసి నిలబడి ఉంటాడు. అలాంటి ఫొటో చూసి ఏం చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కోడ్ సంగతి. బండ పైన చేత్తో పట్టుకునే రింగు ఉంటుంది కదా, దాన్ని బండకు కలుపుతూ మూడు నిలువు పట్టీలు ఉంటాయి. వాటిలో ఒకదాని లోపలి వైపు, అంటే వాల్వ్ వైపు, ఒక ఇంగ్లిష్ అక్షరం, రెండు అంకెలు పెయింట్‌తో వేసి ఉంటాయి. A అంటే జనవరి నుంచి మార్చి, B అంటే ఏప్రిల్ నుంచి జూన్, C అంటే జూలై నుంచి సెప్టెంబర్, D అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరం. కాబట్టి D-25 ఉన్న బండను 2025 డిసెంబర్ 31 లోపు మళ్లీ టెస్ట్ చేయించాలి. ఇది లోపలి గ్యాస్ పాడయ్యే తేదీ కాదు, ఆ ఇనుప బండను నీటి ఒత్తిడి పెట్టి పరీక్షించాల్సిన తేదీ. కొత్త బండకు మొదటి టెస్ట్ 10 ఏళ్లకు, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఒకసారి.

సమస్య: "బండ మీద 2015 అని ఉంది, పదేళ్ల కిందటి సరుకు ఇచ్చారు"

కారణం: చూసింది తయారీ తేదీ. పట్టీల మీద పెయింట్ కోడ్ ఒక్కటే ఉండదు. తయారు చేసిన కంపెనీ గుర్తు, బండ నంబరు, తయారైన నెల, సంవత్సరం ఇనుములోకి పంచ్ చేసి ఉంటాయి. మళ్లీ మళ్లీ రంగు వేసినా ఆ గుంటలు పోవు. పక్క నుంచి వెలుతురు పడితే పెయింట్ కోడ్ కంటే ఆ పంచ్ అంకెలే ఫొటోలో బాగా కనిపిస్తాయి. అందుకే కన్ను ముందు వాటి మీద పడుతుంది. ఇంకో పట్టీ మీద 15.4 లాంటి సంఖ్య ఉంటే అది ఖాళీ బండ బరువు, కిలోల్లో. దాన్ని 2015 అనుకుని గొడవ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

పరిష్కారం: అక్షరం లేని అంకెను గడువుగా తీసుకోవద్దు. మూడు పట్టీల లోపలి వైపులూ విడివిడిగా ఫొటో తీయమనండి. A, B, C, D లలో ఒక అక్షరంతో మొదలైన దాన్నే చదవండి. తయారీ తేదీని కొట్టిపారేయొద్దు, అది తర్వాత పనికొస్తుంది.

సమస్య: అక్షరం B నో D నో తెలియడం లేదు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి దీనికి కాస్త టైం తీసుకుందాం.

కారణాలు మూడు. కోడ్‌ను స్టెన్సిల్‌తో వేస్తారు కాబట్టి అక్షరం గీతల్లో చిన్న చిన్న తెంపులు ఉంటాయి, పెయింట్ కారితే అవి పూడిపోతాయి. లారీలో బండకు బండ రాసుకుని రంగు లేచిపోతుంది. ఇక మూడోది ఫొటో: వంటింట్లో నిలబడి పై నుంచి ఫ్లాష్‌తో తీస్తే ఎర్ర రంగు మెరిసి, అక్షరం మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ వల్ల D కాస్తా B లాగా, B కాస్తా 8 లాగా కనిపిస్తాయి.

మొదటి స్థానంలో ఎప్పుడూ అక్షరమే ఉంటుంది, అదీ నాలుగింటిలో ఒకటి. కాబట్టి అక్కడ 8 కనిపిస్తే అది B, సున్నా కనిపిస్తే D, G కనిపిస్తే C. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ఫొటోలు తేలిపోతాయి.

మిగిలిన సగానికి ఒక ఉదాహరణ. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో మా పిన్ని ఇంటికి 2025 నవంబర్ 12న బండ వచ్చింది. పంపిన ఫొటోలో మొదటి అక్షరం B కావచ్చు, D కావచ్చు. తర్వాత 2 స్పష్టంగా ఉంది. చివరి అంకె 5 కావచ్చు, 6 కావచ్చు. అంటే నాలుగు అవకాశాలు: B-25, D-25, B-26, D-26.

ఇక్కడ వెంటనే ఇంకో ఫొటో అడగకుండా, ఏది అయితే ఏం చేయాలో ముందు చూసుకోవాలి. B-25 అయితే గడువు జూన్ 30తోనే అయిపోయింది, బండ వెనక్కి పంపాలి. D-25 అయితే డిసెంబర్ 31 దాకా ఉంది, తీసుకోవచ్చు. B-26, D-26 ఏదైనా 2026లోకి వెళ్లిపోతుంది, ఇబ్బందే లేదు. అంటే నాలుగింటిలో ఒక్క B-25కే తిప్పి పంపాల్సిన పని. చివరి అంకె 6 అని తేలితే అక్షరం ఏదైనా ఒకటే. కాబట్టి ముందు తేల్చాల్సింది అక్షరం కాదు, చివరి అంకె.

రెండో ఫొటో ఎలా తీయాలో పిన్నికి ఫోన్‌లో చెప్పాను. తడి గుడ్డతో పట్టీ లోపలి వైపు తుడవాలి. ఫ్లాష్ ఆపేయాలి. కోడ్ ఉన్న పట్టీకి ఎదురు వైపు నుంచి, రింగు అంచు మీదుగా, ఫోన్‌ను కోడ్ ఎత్తుకు దించి తీయాలి. పక్కింటి పిల్లాడి ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా వేయించాలి. బండ సీలు గానీ మూత గానీ విప్పక్కర్లేదు. వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపిస్తే ఫొటో నాణ్యత తగ్గదు.

ఈసారి చివరి అంకెకు పైన అడ్డగీత కనిపించింది, కింద ఎడమ వైపు ఖాళీగా ఉంది. అంటే 5. 6 అయితే కింద సున్నాలా మూసుకుని ఉండేది. ఇప్పుడు అక్షరం అవసరమైంది. B కి కుడి వైపు మధ్యలో నడుములా నొక్కు ఉంటుంది, D కి కుడి అంచు పై నుంచి కింద దాకా ఒకటే వంపు. రెండో ఫొటోలో నొక్కు లేదు. మొదటి ఫొటోలో మధ్య గీతలా కనిపించింది రంగు లేచిన చార.

అయినా ఒక్క ఆధారంతో ఆగకుండా తయారీ తేదీ చూశాం. పక్క పట్టీ మీద పంచ్‌లో 10, 15 అని ఉంది, అంటే 2015 అక్టోబర్. దానికి 10 ఏళ్లు కలిపితే 2025 అక్టోబర్, అంటే D-25. కోడ్, తయారీ తేదీ ఒకదానికొకటి సరిపోయాయి. బండ లోపలికి వెళ్లింది.

ఈ లెక్క ఇంకా ఒక్కసారీ టెస్ట్ కాని బండకే సూటిగా కుదురుతుంది. 2009లో తయారైన బండకు మొదటి టెస్ట్ ఎప్పుడు జరిగిందో, 5 ఏళ్ల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. కాబట్టి అక్షరం మారిపోవచ్చు. అలాంటి బండకు తయారీ నెలతో అక్షరాన్ని తేల్చాలని చూడకండి.

పాత రంగు కింద నుంచి పాత కోడ్ తొంగి చూస్తూ రెండు కోడ్‌లు కలిసిపోయి ఉన్నా, తుడిచాక కూడా అక్షరం తేలకపోయినా వాదించడం దండగ. చదవలేని కోడ్ ఉన్న బండ వద్దని చెప్పి వేరేది అడగండి. ఆటోలో ఇంకో బండ ఎటూ ఉంటుంది.

సమస్య: కోడ్ అద్దంలోలా తిరగబడి కనిపిస్తోంది, లేదా కోడ్ చాలా పాతది

తిరగబడితే సెల్ఫీ కెమెరాతో తీశారని అర్థం, వెనక కెమెరాతో తీయమనండి. కోడ్ మరీ పాతదైతే, ఉదాహరణకు A-19, ముందు ఆ ఫొటో ఎవరిదో అడగండి. గ్రూపుల్లో తిరిగే హెచ్చరిక ఫొటోలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన తేదీ ఉండదు.

సమస్య: గడువు దాటిన బండ ఇంట్లోనే ఉంది

కారణం: మన దగ్గర ఇది ఎక్కువగా రెండో బండతో వస్తుంది. తుపాన్ల కాలానికి ముందు నిండు బండ ఒకటి పక్కన పెట్టుకోవడం ఇక్కడ అలవాటే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకు దాని అవసరం చెప్పక్కర్లేదు. సెప్టెంబర్‌లో D తో వచ్చిన బండ జనవరిలో పొయ్యికి ఎక్కితే, ఫొటోలో గడువు దాటినట్టే కనిపిస్తుంది.

పరిష్కారం: కోడ్‌ను ఈ రోజు తేదీతో కాదు, డెలివరీ బిల్లు మీదున్న తేదీతో పోల్చండి. గడువు దాటిన బండలో గ్యాస్ నింపకూడదన్నది నిబంధన. గడువు లోపల నింపి, లోపలే మీకు ఇచ్చి ఉంటే ఏజెన్సీ తప్పు లేదు. బండ కూడా ఆ తేదీ మర్నాడే ప్రమాదకరంగా మారిపోదు. పక్కన పెట్టినదాన్ని ముందు వాడేయండి, ఖాళీ చేసి పంపండి. ప్లాంట్‌లో దాన్ని టెస్ట్‌కు వేరు చేస్తారు. టెస్ట్ అయ్యాక రంగు వేసి కొత్త కోడ్ వేస్తారు.

బిల్లు తేదీ నాటికే గడువు దాటి ఉంటే కథ వేరు. గుమ్మం దగ్గరే అయితే తీసుకోకండి. "పర్లేదమ్మా, అందరికీ ఇవే ఇస్తున్నాం" అన్నా సరే. అప్పటికే తీసుకుని ఉంటే పొయ్యికి తగిలించకుండా కోడ్ ఫొటో, బండ నంబరు ఫొటో, బిల్లు ఫొటో మూడూ పెట్టుకుని ఏజెన్సీకి ఫోన్ చేసి మార్చమనండి. వాళ్లు కదలకపోతే 1800 2333 555కు ఫిర్యాదు చేయండి, ఆయిల్ కంపెనీల ఉచిత నంబరు అది.

ఒక సంగతి మాత్రం కోడ్ చెప్పదు. D-29 అని తళతళలాడుతున్నా, కళింగపట్నం వైపు ఉప్పు గాలికి బండ అడుగు రింగు పొరలు పొరలుగా తుప్పు లేస్తుంటే, ఒంటి మీద లోతు నొక్కు ఉంటే ఆ బండ తీసుకోకండి. అడుగు వైపు కూడా ఒక ఫొటో అడగండి. వాసన వస్తుంటే అసలు ఫొటోలు వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చాకే ఫోన్ తీసి 1906కు చేయండి.