బీజానికి దెబ్బ తగిలి వాచిందా? ఐసు సరిపోతుందా, ఆపరేషన్ దాకా వెళ్లాలా?

ఒక సోమవారం సాయంత్రం క్యాజువాలిటీలో నా డ్యూటీ. పంతొమ్మిదేళ్ల కుర్రాడు కాళ్లు ఎడంగా పెట్టుకుని మెల్లగా నడిచి వచ్చాడు, వెనకే వాళ్లమ్మ. "కడుపునొప్పంట సార్" అందావిడ. ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి అడిగితే ముందు "ఏటీ లేదు సార్" అన్నాడు, తర్వాత చెప్పాడు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి విశాఖ మద్దిలపాలెం దగ్గర క్రికెట్ మ్యాచ్‌లో గార్డు లేకుండా ఆడుతుంటే లెదర్ బాల్ కుడి బీజానికి తగిలిందట. కుప్పకూలిపోయాడు, వాంతి చేసుకున్నాడు, అరగంటకి నొప్పి కాస్త తగ్గితే మళ్లీ ఫీల్డింగ్ కూడా చేశాడు. రాత్రికి వాపు మొదలైంది. నా దగ్గరికి వచ్చేసరికి సంచి కుడిపక్క బత్తాయంత ఉంది.

నొప్పి విపరీతంగా వచ్చి గంటలో తగ్గింది, వాపు లేదు

ఇది మామూలు దెబ్బ, చాలామందికి అయ్యేది ఇదే. ఐసుని టవల్లో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి (చర్మం మీద నేరుగా వద్దు). బిగుతు అండర్‌వేర్, పారాసిటమాల్, రెండు మూడు రోజులు ఆట మానడం, అంతే. కాపడం, మర్దన జోలికి పోవద్దు.

నొప్పి తగ్గినట్టే ఉంది, వాపు మాత్రం పెరుగుతోంది

మోసం చేసేది ఇదే. వృషణం చుట్టూ గట్టి తెల్లటి పొర ఒకటి ఉంటుంది, లోపలి మెత్తటి సన్నని గొట్టాలన్నిటినీ అదే పట్టి ఉంచుతుంది. మామూలుగా దెబ్బ తగిలితే బీజం పక్కకి జారి తప్పించుకుంటుంది, కానీ బంతికీ వెనకున్న కటి ఎముకకీ మధ్య ఇరుక్కుంటే ఆ పొర చిట్లుతుంది, లోపలి గొట్టాలు బయటికి పొడుచుకొస్తాయి, సంచిలో రక్తం నిండుతుంది. చిట్లినా కొందరికి నొప్పి కొంత నెమ్మదిస్తుంది, కాబట్టి నొప్పిని బట్టి లెక్కవేయకండి.

ఇంట్లో చూసుకోగలిగింది ఒకటుంది. పడుకుని ముందు బాగున్న బీజాన్ని వేళ్లతో నెమ్మదిగా తడమండి, పొట్టు తీసిన ఉడికిన గుడ్డులా నున్నగా, అంచు తెలుస్తూ ఉంటుంది. తర్వాత దెబ్బ తగిలినది. అంచు తెలిస్తే కొంత నయం, అయినా వాపు పెరుగుతుంటే ఇంట్లో ఉండొద్దు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా అంతా ఒకే ముద్దలా ఉన్నా, చెయ్యి వేయనివ్వనంత నొప్పి ఉన్నా, వెంటనే ఆసుపత్రికి. నల్లబడటాన్ని మాత్రం కొలతగా తీసుకోవద్దు. చర్మం కింద రక్తం పాకి తొడ దాకా నీలంగా మారినా లోపల బీజం చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

అక్కడ డాప్లర్ స్కానింగ్ చేస్తారు. మా కుర్రాడి స్కాన్‌లో కింది అంచున పొర గీత తెగి ఉంది, లోపలంతా మచ్చలు మచ్చలుగా, చుట్టూ రక్తం. ఆ రాత్రే యూరాలజిస్టు తెరిచి గడ్డకట్టిన రక్తం తీసి, బయటికొచ్చి పాడైన గొట్టాలు కత్తిరించి, కరిగిపోయే సన్నటి దారంతో పొర కుట్టారు. బీజం దక్కింది. ఇది మూడు రోజుల్లోపు జరిగితే దక్కే అవకాశం బాగా ఎక్కువ, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆలస్యమైతే చాలాసార్లు తీసేయాల్సి వస్తుంది. స్కాన్‌కి చిన్న చిరుగు దొరక్కపోవచ్చు కూడా, అందుకే స్కాన్ బాగున్నా చేతికి అనుమానం తగిలితే సర్జన్ తెరిచే చూస్తారు. వరిబీజం అనుకుని సూదితో నీరు తీయిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది నీరు కాదు, గడ్డకట్టిన రక్తం సూదికి రాదు, పైగా చీము పట్టే ప్రమాదం.

వాపు పెద్దగా లేదు, నొప్పి గంట దాటినా తగ్గట్లేదు, బీజం పైకి లాగినట్టుంది

దెబ్బకి బీజం మెలిపడి ఉండొచ్చు. రక్తం అందదు కాబట్టి ఇక్కడ గడువు రోజుల్లో కాదు, ఆరు గంటల్లో. ఏమీ తినకుండా, తాగకుండా బయల్దేరండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

బైక్ మీద ఉండగా

హనుమంతవాక జంక్షన్‌లో సడన్ బ్రేక్ వేస్తే ఒళ్లంతా ముందుకి జారి నేరుగా పెట్రోల్ ట్యాంకుకి గుద్దుకుంటుంది. ఇక్కడ బీజం ఒక్కటే చూస్తే చాలదు. మూత్రం వచ్చే చోట రక్తపు చుక్క కనిపించినా, మూత్రం ఆగిపోయినా మూత్రనాళం తెగిందేమో, కటి ఎముక విరిగిందేమో చూడాలి. 108కి ఫోన్ చేసి, విశాఖలో కేజీహెచ్ లాంటి అన్ని విభాగాలూ ఉన్న చోటికి వెళ్లండి. పరీక్ష చేయకుండా వీధి క్లినిక్‌లో మూత్రం గొట్టం వేయించుకోవద్దు, సగం తెగిన నాళం పూర్తిగా తెగొచ్చు.

చిన్న దెబ్బకే పెద్ద వాపు

మంచం కోడు తగిలినంత దానికి అంత వాపు వస్తే, లోపల ముందునుంచే కణితి ఉండి అది ఇప్పుడు బయటపడిందేమో అని చూడాలి. అప్పుడు ఆపరేషన్ అక్కర్లేదన్నా, వాపు తగ్గాక ఇంకోసారి స్కాన్ చేయించుకోండి, రక్తం చేరిన చోట కణితి మొదటి స్కాన్‌లో దాగిపోతుంది.