ఇల్లు పిల్లలకు రాసే ముందు

స్వార్జితమైన ఇల్లు కొడుక్కో కూతురికో రాయాలనుకుంటే, హక్కు ఇప్పుడే వెళ్లాలా, మీ తర్వాతా అన్నది ముందు తేల్చుకోండి. మా పెద్దమ్మ గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించిన రోజే ఇంటిపై హక్కు వదులుకుంది. తర్వాత మనసు మారినా తనంతట తాను రద్దు చేయలేకపోయింది. గిఫ్టే ఇవ్వాలనుకుంటే "జీవితాంతం నా బాగోగులు చూడాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. మాట తప్పితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

వీలునామాను మాత్రం బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ కాదు. అయినా చేయించడమే మేలు.

సేల్ డీడ్‌కు నిజంగా డబ్బు చేతులు మారాలి. పైసా తీసుకోకుండా అమ్మినట్లు రాస్తే, ఆ సొమ్ము ఏ ఖాతాలో పడిందని తోబుట్టువులు కోర్టులో నిలదీస్తారు.