ఆషాఢం తగ్గింపులో గిరాకీ పెరిగినా లాభం ఎందుకు తగ్గింది?

ఆషాఢం రాగానే మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ దాకా బట్టల దుకాణాల ముందు తగ్గింపు ఫ్లెక్సీలు వెలుస్తాయి. ముహూర్తాలు లేని నెలలో దుకాణం ఖాళీగా ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ ఆ తగ్గింపు లాభం తెచ్చిందో తీసుకుపోయిందో గల్లా పెట్టె చూస్తే తెలియదు. మహబూబ్‌నగర్‌లో నారాయణపేట నూలు చీరలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుని, లెక్క కోసం కొన్ని అంకెలు తీసుకుందాం. జీఎస్టీ తీసేశాక చీర ధర 1,600 రూపాయలు. కొన్న ధర 1,100. సంచికి, రవాణాకు, అమ్మిన మనిషికిచ్చే కమీషన్‌కు కలిపి చీరకు 50. తగ్గింపు లేకపోతే ఆషాఢంలో 200 చీరలు పోతాయి. 15 శాతం తగ్గిస్తే 320 పోయాయి.

సమస్య: అమ్మకాల మొత్తం పెరిగింది, చేతికి మిగిలింది తగ్గింది

అమ్మకాల మొత్తం 3,20,000 నుంచి 4,35,200కు చేరింది. యజమాని సంతోషించడం సహజమే. ఇప్పుడు చీరకు ఎంత మిగులుతోందో చూడండి. ధరలోంచి, ఆ ఒక్క చీర అమ్మినందుకే అయ్యే ఖర్చులు తీసేస్తే మిగిలేది కాంట్రిబ్యూషన్. దుకాణం అద్దె, నెల జీతాలు, కరెంటు బిల్లు కట్టుకోవలసింది ఈ డబ్బులోంచే. తగ్గింపుకు ముందు అది చీరకు 450. తగ్గించిన 240 రూపాయలూ ఈ 450లోంచే పోతాయి కాబట్టి మిగిలేది 210. అంటే 200 చీరలతో 90,000 మిగిలిన చోట 320 చీరలతో 67,200 మాత్రమే మిగిలింది. 120 చీరలు ఎక్కువ మడత విప్పి చూపించి, 22,800 రూపాయలు పోగొట్టుకున్నట్టు.

కారణం: ధరలో 15 శాతం అనిపించే తగ్గింపు, కాంట్రిబ్యూషన్‌లో 53 శాతం. పైగా ఎలాగూ పోయే ఆ 200 చీరలకూ అదే తగ్గింపు ఇవ్వాల్సి వచ్చింది.

పరిష్కారం: ఫ్లెక్సీ కొట్టించకముందే వేసుకోవలసిన లెక్క ఇది.

కావలసిన పెరుగుదల = తగ్గింపు ÷ (కాంట్రిబ్యూషన్ − తగ్గింపు)

240ని 210తో భాగిస్తే 1.14. అంటే 114 శాతం పెరగాలి, 429 చీరలు పోవాలి. అప్పుడే పాత లాభం దగ్గర ఆగుతాం. ఫ్లెక్సీలకు, ఆటో ప్రచారానికి 12,000 పెడితే అది కూడా రాబట్టాలి కాబట్టి 486 చీరలు కావాలి. అద్దెను మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. తగ్గింపు ఇచ్చినా ఇవ్వకపోయినా అది మారదు.

సమస్య: గిరాకీ వ్యాకోచత్వం ఎక్కువగానే ఉంది, అయినా నష్టమే

కామర్స్ చదివినవారు ఇక్కడే తికమకపడతారు. ధర ఒక శాతం తగ్గితే గిరాకీ ఎన్ని శాతం పెరుగుతుందో చెప్పేదే వ్యాకోచత్వం. మన లెక్కలో ధర 15 శాతం తగ్గింది, గిరాకీ 60 శాతం పెరిగింది. కాబట్టి అది 4. ఒకటి దాటితే ధర తగ్గించడం మేలని చాలామందికి గుర్తు. ఒకటి దాటితే పెరిగేది అమ్మకాల మొత్తం మాత్రమే. లాభం పెరగాలంటే దాటవలసిన గీత చాలా పైన ఉంటుంది, తగ్గింపు పెరిగే కొద్దీ అది ఇంకా పైకి పోతుంది. ఇదే చీరపై 5 శాతం తగ్గిస్తే 244 చీరలు చాలు, అంటే వ్యాకోచత్వం 4.3 ఉండాలి. 10 శాతానికి 311 చీరలు, 5.5. 15 శాతానికి 7.6. 20 శాతానికి 693 చీరలు పోవాలి, 12కు పైగా ఉండాలి. ఆషాఢంలో ఒక నూలు చీర మీద అంత గిరాకీ వస్తుందని నేను నమ్మను.

పరిష్కారం: పక్క దుకాణం 20 అంటే మనం 25 అనే పోటీకి దిగకుండా, పాత తగ్గింపుల్లో వచ్చిన వ్యాకోచత్వాన్ని ఈ గీతతో పోల్చండి. గీత కింద ఉంటే ఆ తగ్గింపు మానేయాలి. సరఫరాదారుతో తగ్గింపు పంచుకోవడం మరో దారి. 15 శాతం తగ్గింపులో పోయే 240లో అతను 120 భరిస్తే కాంట్రిబ్యూషన్ 330 అవుతుంది, 273 చీరలు చాలు. అయితే ఆ 120 మగ్గం మీద కూర్చున్న నేతన్న కూలిలోంచి కోస్తే మాత్రం నేను ఒప్పుకోను. అడగవలసింది మధ్యలో ఉన్న టోకు వ్యాపారిని.

సమస్య: ఆషాఢం కళకళలాడింది, శ్రావణం వెలవెలబోయింది

ఇది అన్నిటికంటే ఖరీదైన నష్టం. ఆషాఢం లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు. ఏటా శ్రావణంలో పెళ్ళిళ్ళకు, వరలక్ష్మీ వ్రతానికి 400 చీరలు పూర్తి ధరకు పోయే దుకాణంలో ఈసారి 340 పోయాయనుకోండి. ఆ 60 చీరలు కొనేవారు నెల ముందే తగ్గింపు ధరకు కొనుక్కుపోయారు. చీరకు 450 చొప్పున 27,000 పోయింది. ముందటి 22,800 కలిపితే మొత్తం నష్టం 49,800. కొత్తగా వచ్చిన గిరాకీ 120 కాదు, 60. అసలు వ్యాకోచత్వం 4 కాదు, 2.

గుర్తుపట్టడానికి బిల్లు పుస్తకంలోని ఫోన్ నంబర్లు చాలు. ఈ ఆషాఢంలో కొన్నవారిలో నిరుటి శ్రావణంలో కొన్నవారు ఎందరో చూడండి. ఆషాఢ, శ్రావణాలు రెండూ కలిపి ఒకే లెక్కగా తీయాలి. పోల్చేటప్పుడు జూలైని జూలైతో పోల్చకండి. 2023లో అధిక శ్రావణం వచ్చి నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది. 2024లో శ్రావణం ఆగస్టు 5నే వచ్చింది. తిథులు చూడకుండా తీసిన వ్యాకోచత్వం పండగ తేదీలు ముందుకూ వెనక్కూ జరగడాన్ని ధర ప్రభావంగా చూపిస్తుంది.

పరిష్కారం: తగ్గింపును అందరికీ కాకుండా రెండో చీరకే కట్టండి. ఆషాఢంలో మామూలుగా 170 బిల్లులు, వాటిలో 140 ఒక్క చీరవి, 30 రెండు చీరలవి అనుకుందాం. రెండో చీరపై 150 తగ్గిస్తే ఎలాగూ రెండు కొనే 30 మంది వల్ల 4,500 పోతుంది. కొత్తగా రెండోది తీసుకున్న ప్రతి ఒక్కరి వల్ల 300 వస్తుంది. 140 మందిలో 15 మంది తీసుకుంటే సరిపోయింది. 114 శాతం పెరగాలన్న షరతుతో దీన్ని పోల్చుకోండి. అయితే ఆ రెండో చీర శ్రావణానికి కొనబోయినదే అయితే మళ్ళీ 150 నష్టం, కాబట్టి ఫోన్ నంబర్ల పరీక్ష దీనికీ చేయాలి.

సమస్య: నిరుటి డిజైన్లు కదలడం లేదు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. అమ్ముడుపోని చీరకు కొన్న ధర 1,100 ఎప్పుడో ఖర్చయిపోయింది. ఇప్పుడు దాని ఖరీదు, వేరేవాళ్ళు ఇచ్చే ధరే. టోకున కొనేవాడు 700 ఇస్తానంటే, 50 ఖర్చు పోను 750కి పైన ఏ ధరకు అమ్మినా మనకు మేలే. 1,000కి పెడితే ఒక్కో చీరకు 250 మిగులుతుంది. కొన్న ధరకంటే తక్కువకు అమ్మనని మూడేళ్ళు బీరువాలో దాచేవారు ఆ 250నీ వదులుకుంటున్నారు.

చూసుకోవలసింది ఒక్కటే. 1,600 చీర కోసం వచ్చినావిడ దీన్ని చూసి ఇటు మళ్ళితే 250 వచ్చి 450 పోతుంది, 200 నష్టం. అలా ఐదుగురు మళ్ళిన చోట, ఈ ధర కోసమే వచ్చినవారు కనీసం నలుగురు ఉండాలి. అందుకే నిరుటి సరుకును కొత్త చీరల పక్కన పరచవద్దు. వేరే బల్ల మీద, వేరే బిల్లు పుస్తకంతో అమ్మండి. ఆ రోజుల్లో కొత్త చీరల బిల్లులు తగ్గుతున్నాయేమో రోజూ సాయంత్రం చూసుకుని, తగ్గితే ఆ బల్లను దుకాణంలోంచి తీసి వారపు అంగడికి పంపండి.