వాహకత అంశమాపనానికి ముందు: ఒక్క ఆమ్ల చుక్క విషయంలో జాగ్రత్తలు

డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో HCl ద్రావణానికి NaOH కలుపుతూ వాహకత కొలిచే ప్రయోగం చేతికి తేలికగానే ఉంటుంది. రంగు మార్పు కోసం కళ్లు చికిలించుకుని చూడనక్కరలేదు. మీటరు చూపిన అంకె రాసుకుని గ్రాఫు గీస్తే చాలు. అయినా ఏటా ఈ ప్రయోగంలోనే ఎక్కువమంది గ్రాఫులు వంకర తిరుగుతాయి. ఆ తప్పుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: మీటరు చూపే అంకెలో హైడ్రోజన్ అయాను వాటా ఎంత పెద్దదో ముందుగా గ్రహించకపోవడం.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద, బాగా పలుచని ద్రావణంలో, సోడియం అయాను మోలార్ వాహకత సుమారు 50 సీమెన్స్ చ.సెం.మీ./మోల్. పొటాషియంకు, క్లోరైడ్‌కు 75 దరిదాపుల్లో ఉంటుంది. హైడ్రాక్సైడ్‌కు 198. హైడ్రోజన్ అయానుకు మాత్రం 350. నీటిలో అది ఒంటరి ప్రోటాన్‌గా ఉండదు, నీటి అణువును పట్టుకుని హైడ్రోనియంగా, అంటే H3O+ గా ఉంటుంది. పరిమాణంలో హైడ్రోనియం పొటాషియం అయానుకు దగ్గరగా ఉంటుంది. నీటిని తోసుకుంటూ ఈదుకుపోయేదే అయితే దాని వాహకత కూడా 75 చుట్టుపక్కలే ఉండాలి. దాదాపు ఐదింతలు ఎందుకు వస్తోంది?

ఎందుకంటే అది ఈదదు, చేతులు మారుతుంది. మేడకు స్లాబు వేసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి గమేళాలు అందించుకోవడం చూసే ఉంటారు. మనుషులు నిలబడ్డచోటే ఉంటారు, గమేళా మాత్రం పైకి చేరుతుంది. హైడ్రోనియం తన మూడు హైడ్రోజన్లలో ఒకదాన్ని హైడ్రోజన్ బంధం మీదుగా పక్క నీటి అణువుకు ఇచ్చేస్తుంది. ఇచ్చినది మామూలు నీరవుతుంది, అందుకున్నది హైడ్రోనియం అవుతుంది. అయితే పోలిక ఇక్కడ ఒకచోట తప్పుతుంది. మేడపైకి అదే గమేళా చేరుతుంది. నీటిలో మాత్రం ఈ చివర బయలుదేరిన ప్రోటాన్ ఆ చివర కనిపించనక్కరలేదు, ప్రతి అణువూ వేరొక ప్రోటాన్‌ను ముందుకు పంపవచ్చు. ప్రయాణించేది ధన ఆవేశం. 1806లో గ్రోథస్ ఇలాంటి అందింపునే ఊహించాడు కాబట్టి దీనికి ఆయన పేరే నిలిచింది.

ఈ అందింపు కూడా ఆగకుండా సాగదు. పక్క అణువు చేతులు ఖాళీగా ఉంటేనే కదా గమేళా అందుకునేది! నీటి అణువు సాధారణంగా ఇతర అణువుల హైడ్రోజన్లతో బంధాలు పెట్టుకుని ఉంటుంది. వాటిలో ఒకటి తెగితేనే అది ప్రోటాన్‌ను అందుకోవడానికి సిద్ధమవుతుంది. ఒక్కో అంచెకు పట్టే కాలం దాదాపు ఒకటి రెండు పికోసెకన్లు. అందులో ఎక్కువ భాగం ఆ బంధం తెగడం కోసం ఎదురుచూడడమే, దూకడం క్షణంలో అయిపోతుంది. అందుకే ప్రోటాన్‌కు ఈ వేగం నీటి అల్లిక ఉన్నంతవరకే దక్కుతుంది. ఆల్కహాల్ కలిపిన ద్రావణంలోనూ, గాఢ ఆమ్లంలోనూ 350 అనే అంకెను నమ్మి లెక్కలు వేయకండి.

ఇక జాగ్రత్తలు. మొదటిది సెల్‌ను, అంటే ద్రావణంలో ముంచే పలకల జతను, కడగడం. ముందు బ్యాచ్ వాళ్లు 0.1 మోలార్ HCl లో ముంచిన సెల్‌ను మీరు 50 మిల్లీలీటర్ల స్వేదన జలంలో పెట్టారనుకుందాం. దానికి ఒక చుక్క, అంటే సుమారు 0.05 మిల్లీలీటర్ల ఆమ్లం అంటుకుని ఉంటే మీటరు దాదాపు 43 మైక్రోసీమెన్స్/సెం.మీ. చూపిస్తుంది. అదే గాఢత గల ఉప్పు నీటి చుక్క అయితే 13 మాత్రమే. గాలి తగిలిన శుభ్రమైన స్వేదన జలం, కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల, సుమారు 1 చూపిస్తుంది. కాబట్టి అంకె కిందికి దిగి నిలకడగా ఆగేదాకా స్వేదన జలంతో కడుగుతూనే ఉండండి. ప్లాటినం పలకలపై నల్లని పూత ఉంటే గుడ్డతో తుడవకండి, నీరు జారనిస్తే చాలు.

తర్వాత సెల్ స్థిరాంకాన్ని పరీక్షించుకోండి. 0.01 మోలార్ KCl ద్రావణం 25 డిగ్రీల వద్ద 1.413 మిల్లీసీమెన్స్/సెం.మీ. చూపించాలి. అది సరిపోయాక 0.01 మోలార్ HCl దాదాపు 4.1 చూపించాలి. అంతకంటే బాగా తక్కువ వస్తే పలకల మధ్య గాలి బుడగ చిక్కి ఉండవచ్చు. సెల్‌ను మెల్లగా తట్టి మళ్లీ చూడండి.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. 50 మిల్లీలీటర్ల 0.01 మోలార్ HCl కు బ్యూరెట్‌తో 0.1 మోలార్ NaOH కలుపుతున్నాం. ఆదర్శ విలువలతో మొదటి రీడింగు 4.26 మిల్లీసీమెన్స్. అందులో 82 శాతం హైడ్రోనియందే. ఒక మిల్లీలీటరు కలపగానే 3.59 అవుతుంది. 4 మిల్లీలీటర్లకు 1.72, తుల్య స్థానమైన 5 మిల్లీలీటర్ల వద్ద 1.15. ఇంత నిటారుగా పడిపోవడానికి కారణం, 350 ఉన్న అయాను పోయి దాని స్థానంలోకి 50 ఉన్న సోడియం రావడం. 6 మిల్లీలీటర్ల వద్ద మళ్లీ 1.57కు లేస్తుంది, ఎందుకంటే హైడ్రాక్సైడ్ మిగలడం మొదలైంది. అది కూడా చేతులు మారుతూనే సాగుతుంది గాని అంత వేగంగా కాదు.

ఇక్కడ క్షారం ఆమ్లం కంటే పదిరెట్లు గాఢంగా ఉండడం ముఖ్యం. 0.01 మోలార్ NaOH తో చేస్తే తుల్య స్థానానికి 50 మిల్లీలీటర్లు పట్టి ద్రావణం రెట్టింపవుతుంది. పలుచబడడం వల్లే వాహకత తగ్గి గీతలు వంగుతాయి. పదిరెట్లు గాఢమైనదే వాడినా ప్రతి రీడింగునూ మొత్తం ఘనపరిమాణంతో గుణించి, మొదటి 50 తో భాగించండి. 5 మిల్లీలీటర్ల వద్ద 1.15 అనేది అప్పుడు 1.26 అవుతుంది, గీతలు తిన్నగా వస్తాయి. తుల్య స్థానం దగ్గర చుక్కలు లెక్కపెడుతూ శ్రమపడనక్కరలేదు. దానికి ఇరువైపులా దూరంగా ఐదారు రీడింగులు చొప్పున తీసి, రెండు సరళ రేఖలు కలిసేచోటు చూడండి. అడుగున మూల గుండ్రంగా వస్తే NaOH పాతబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఉంటుంది. అప్పటికప్పుడు తయారుచేసిన ద్రావణం తీసుకోండి.

ఉష్ణోగ్రత విషయంలో మీటరును గుడ్డిగా నమ్మవద్దు. వేసవిలో ప్రయోగశాల 35 డిగ్రీలకు చేరడం మామూలే. ఉప్పు ద్రావణాల వాహకత డిగ్రీకి దాదాపు 2 శాతం పెరుగుతుంది, చాలా మీటర్లు ఆ లెక్కతోనే సవరిస్తాయి. ఆమ్లానికి పెరుగుదల 1.5 శాతం దగ్గరే. కాబట్టి 35 డిగ్రీల వద్ద సవరించిన ఆమ్ల రీడింగు అసలుకంటే 4 శాతం తక్కువగా ఉంటుంది. ప్రయోగం మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో జరిగితే రేఖలు కలిసేచోటు పెద్దగా మారదు. మధ్యలో ఏసీ వేసినా, ఎండలో పెట్టిన సీసాలోని ద్రావణం వాడినా ఇబ్బందే. ఆమ్లాన్నీ క్షారాన్నీ ఒకే బల్లపై అరగంట ఉంచి మొదలుపెట్టండి.

చివరగా, చీటీ ఊడిన సీసాలతో ఆటలొద్దు. 0.01 మోలార్ HCl బదులు అంతే గాఢత గల ఎసిటిక్ ఆమ్లం చేతికొస్తే మొదటి రీడింగు 4 కాదు, 0.16 దగ్గర ఉంటుంది. NaOH కలిపేకొద్దీ అది మొదట్లో కొద్దిగా తగ్గినా వెంటనే పైకే లేస్తుంది, లోయ ఏర్పడదు. అలాంటప్పుడు మీటరు పాడైందనుకుని మీటలు తిప్పకండి, బీకరులో ఏముందో తెలుసుకోండి.