గోడ యూ-వాల్యూ లెక్క: గాలి పొరలు మరవకండి

యూ-వాల్యూ అంటే గోడ వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందో చెప్పే అంకె; తక్కువైతే మంచిది. దాన్ని కట్టడానికి కావలసినవి ఒక కాగితం, కాలిక్యులేటర్, గోడలోని ఒక్కో పొర మందం, ఆ పదార్థపు ఉష్ణవాహకత. సాఫ్ట్‌వేర్ వద్దు. మొదటిసారి చేత్తో చేయనివారికి తర్వాత సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పినా తెలియదు.

ముందుగా పొరలను లోపలి నుంచి బయటికి వరుసగా రాయండి. బయటి నుంచి లోపలికి రాసినా మొత్తం అంతే వస్తుంది, కానీ నేను ఒప్పుకోను. చివర్లో ఉష్ణోగ్రతలు సరిచూసేటప్పుడు ఈ వరుసే పనికొస్తుంది.

మన గోడ ఇదీ: లోపల 12 మి.మీ. సిమెంటు ప్లాస్టర్, 230 మి.మీ. ఇటుక, 50 మి.మీ. థర్మోకోల్, బయట 20 మి.మీ. ప్లాస్టర్. ఉష్ణవాహకతలు ప్లాస్టర్‌కు 0.72, ఇటుకకు 0.81, థర్మోకోల్‌కు 0.036 అనుకుందాం. మీ గోడకు మాత్రం తయారీదారు ఇచ్చిన విలువలే వాడండి.

తర్వాత మందాన్ని మీటర్లలోకి మార్చి ఉష్ణవాహకతతో భాగించండి. వచ్చేది ఆ పొర నిరోధం, అంటే R. మూడు దశాంశాలు ఉంచండి.

```
R = d / k
లోపలి ప్లాస్టర్  0.012/0.72  = 0.017
ఇటుక           0.230/0.81  = 0.284
థర్మోకోల్       0.050/0.036 = 1.389
బయటి ప్లాస్టర్   0.020/0.72  = 0.028
```

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. చాలామంది ఈ నాలుగూ కూడేసి, 1ని దాంతో భాగించి, అదే యూ-వాల్యూ అనుకుని లేచిపోతారు.

గోడకు రెండు వైపులా ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పలుచని గాలి పొర ఉంటుంది. గదిలోని గాలికీ గోడకూ మధ్య వేడి దీన్ని దాటాలి, కాబట్టి దీనికీ నిరోధం ఉంది. ఐఎస్ఓ 6946 ప్రకారం గోడకు లోపలి వైపు 0.13, బయట 0.04. బయట గాలి వీస్తూ ఆ పొరను చెదరగొడుతుంది కాబట్టి అక్కడ తక్కువ. పైకప్పుకు ఈ గోడ అంకెలు వాడకండి. వేడి పైకి పోతుంటే లోపలి వైపు 0.10, కిందికి వస్తుంటే 0.17.

ఈ చిన్న అంకెలతో ఏమవుతుందిలే అనుకునేవారు థర్మోకోల్ తీసేసి అదే గోడను లెక్కించి చూడండి. మిగిలిన మూడు పొరల మొత్తం 0.329, యూ-వాల్యూ 3.04. గాలి పొరలు కలిపితే మొత్తం 0.499, యూ-వాల్యూ 2.00. మరిచిపోతే లెక్క సగానికి పైగా ఎక్కువ వస్తుంది! థర్మోకోల్ ఉన్న గోడలో ఇదే తప్పు పదోవంతు తేడాగానే కనిపిస్తుంది. అందుకే ఇన్సులేషన్ ఉన్న గోడల మీదే అలవాటు పడ్డవాళ్లకు ఈ పొరపాటు కంటపడదు.

ఇంకో తప్పు దీనికి తిరగేసినది. కొన్ని పట్టికల్లో నిరోధానికి బదులు ఉపరితల గుణకం ఉంటుంది: లోపల 7.7, బయట 25. వాటిని అలాగే కూడకూడదు. 1ని వాటితో భాగిస్తేనే 0.13, 0.04 వస్తాయి. భాగించకుండా కూడితే యూ-వాల్యూ 0.03 దగ్గర తేలుతుంది. మీటరు మందం థర్మోకోల్ పెట్టినా అంత తగ్గదు. అలాంటి అంకె కనబడితే కారణం ఇదేనేమో ముందు చూడండి.

ఇక ఈ గాలి పొరలు గోడ మొత్తానికి రెండే. పొర పొరకీ మధ్య కలిపినవాళ్లనూ చూశాను. ఒకదానికొకటి అంటుకున్న ప్లాస్టర్‌కీ ఇటుకకీ మధ్య గాలి ఎక్కడిది? గోడ లోపల నిజంగా ఖాళీ ఉంటే అది వేరే సంగతి. 50 మి.మీ. మూసిన ఖాళీకి 0.18 వేయాలి. దాని మందాన్ని గాలి వాహకత 0.025తో భాగిస్తే 2.0 వస్తుంది, అది శుద్ధ తప్పు. ఖాళీలో గాలి కదులుతుంది, ఒక ముఖం నుంచి రెండోదానికి వేడి నేరుగా ప్రసరిస్తుంది కూడా.

మన గోడలో ఖాళీ లేదు కాబట్టి ఆరు అంకెలు కూడితే సరి.

```
R = 0.13 + 0.017 + 0.284 + 1.389 + 0.028 + 0.04 = 1.888
U = 1 / 1.888 = 0.53 W/m²K
```

తిరగేయడం చివర్లో ఒక్కసారే. ఒక్కో పొరకు విడిగా యూ-వాల్యూ కట్టి అవి కూడకండి. అలా చేస్తే పొరలు పెరిగేకొద్దీ గోడ వేడిని ఇంకా ఎక్కువ వదులుతున్నట్టు తేలుతుంది. థర్మోకోల్‌ను చీల్చుకుంటూ కర్ర లేదా ఉక్కు నిలువులు ఉంటే మాత్రం ఈ సూటి కూడిక చాలదు, ఆ భాగాన్ని వేరుగా లెక్కించాలి.

ఇప్పుడు సరిచూడండి. లోపల 24, బయట 44 డిగ్రీలనుకుంటే తేడా 20. లోపలి గాలి పొర వాటా 20 × 0.13 / 1.888, అంటే సుమారు 1.4 డిగ్రీలు. గోడ లోపలి ముఖం 25.4 దగ్గర ఉంటుంది. థర్మోకోల్ లేని గోడకైతే అదే వాటా 5.2, ముఖం 29.2. లోపలి ముఖం గది గాలి కంటే చల్లగా తేలితే తీసివేత ఎక్కడో తిరగబడినట్టే.