గణాంకాలు నేర్చుకుందాం – 4వ పాఠం: ఏడుతో భాగించాలా, ఆరుతోనా?

గత పాఠం చివర ఇచ్చిన లెక్కలో సగటు దాదాపు అందరికీ సరిగానే వచ్చింది. మధ్యగతం దగ్గర కొందరు తప్పారు. ప్రామాణిక విచలనానికి మాత్రం 0.32 అని కొందరు, 0.35 అని కొందరు, 0.36 అని మరికొందరు జవాబు పంపి, ఎవరిది సరైనదో చెప్పమని అడిగారు. అందువల్ల కొత్త విషయాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈసారి ఆ లెక్కనే సరిచూద్దాం.

లెక్క ఇది. ఒక రైతు తన గేదె పాలను వారం రోజులు ఉదయంపూట పాలకేంద్రంలో పోశాడు. వెన్న శాతం వరుసగా 6.2, 6.5, 6.4, 6.8, 6.1, 6.4, 7.1 అని నమోదైంది. మొత్తం 45.5, దాన్ని ఏడుతో భాగిస్తే సగటు 6.5. మధ్యగతం 6.8 అని రాసినవారు అంకెలను ఆరోహణ క్రమంలో పెట్టకుండా, నమోదైన వరుసలోనే నాలుగో అంకెను తీసుకున్నారు. క్రమంలో పెడితే 6.1, 6.2, 6.4, 6.4, 6.5, 6.8, 7.1 అవుతుంది కాబట్టి మధ్యగతం 6.4. సగటుకూ మధ్యగతానికీ ఉన్న ఈ చిన్న తేడాకు కారణం ఒక్క 7.1 పైకి లాగడమే. ఆ 7.1ని పొరపాటున 71 అని టైపు చేస్తే సగటు 15.6 దాటిపోతుంది కానీ, మధ్యగతం 6.4 దగ్గరే ఉంటుంది. అందుకే నేను ఏ పట్టిక చేతికొచ్చినా ముందు ఈ రెండింటినీ పక్కపక్కన రాసుకుంటాను. వాటి మధ్య దూరం అసహజంగా కనిపిస్తే, విచలనం జోలికి పోకముందే అంకెల నమోదును మళ్లీ చూస్తాను.

ఇక సగటు నుంచి ఒక్కో రోజు విచలనం −0.3, 0, −0.1, 0.3, −0.4, −0.1, 0.6. ఇక్కడ ఆగి వీటిని కూడండి. మొత్తం సున్నా రావాలి. రాకపోతే సగటు తప్పైనా అయి ఉండాలి, తీసివేతలో ఎక్కడైనా తప్పు దొర్లైనా ఉండాలి. సగటును సవరించి (రౌండ్ చేసి) వాడినా అతి స్వల్పంగా తేడా కనిపిస్తుంది. 0.36 జవాబు పంపినవారు ఈ ఒక్క కూడిక చేసి ఉంటే తమ తప్పు తామే పట్టుకునేవారు. వారు సగటుకు బదులు మధ్యగతం 6.4 నుంచి విచలనాలు తీశారు, వాటి మొత్తం 0.7 వస్తుంది. సరైన విచలనాల వర్గాలను కూడితే 0.72. ఇంతవరకూ అభిప్రాయభేదానికి తావు లేదు.

మిగిలిన రెండు జవాబులూ ఈ 0.72 నుంచి వచ్చినవే. ఏడుతో భాగించి వర్గమూలం తీస్తే 0.3207, ఆరుతో భాగించి తీస్తే 0.3464. ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకంలో n తోనే భాగిస్తాం కాబట్టి ఆరు అన్నది తప్పు అని కొందరు రాశారు, కంప్యూటర్ 0.3464 చూపించింది కాబట్టి పుస్తకమే తప్పు అని మరికొందరు రాశారు. రెండు వాదనలూ నాకు సమ్మతం కావు, ఎందుకంటే భాజకాన్ని నిర్ణయించేది పుస్తకమూ కాదు, యంత్రమూ కాదు, మనం అడుగుతున్న ప్రశ్న. ఆ వారం ఏడు రోజుల్లో వెన్న శాతం ఎంత చెదిరిందన్నదే ప్రశ్న అయితే, ఆ ఏడు అంకెలే మన పాపులేషన్, భాజకం ఏడు. ఆ ఏడు రోజులను శాంపిల్‌గా తీసుకుని, ఆ గేదె పాలలో వెన్న శాతం మామూలుగా ఎంత మారుతుందో అంచనా వేయాలంటే భాజకం ఆరు.

ఒకటి ఎందుకు తగ్గించాలన్నదానికి ‘స్వతంత్ర పరిమాణం ఒకటి పోతుంది’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే అలవాటు నాకు చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే అది విన్న విద్యార్థి సూత్రాన్ని బట్టీపట్టి, మరుసటి లెక్కలో మళ్లీ తడబడతాడు. కారణాన్ని అంకెల్లోనే చూద్దాం. ఆ గేదె పాల దీర్ఘకాలపు అసలు సగటు మనకు తెలియదు. అది 6.6 అనుకోండి. అప్పుడు విచలనాలను 6.6 నుంచి తీయాలి, వాటి వర్గాల మొత్తం 0.79 వస్తుంది. అసలు సగటు 6.4 అనుకున్నా అంతే వస్తుంది. 6.5 తప్ప మరే అంకె తీసుకున్నా ఆ మొత్తం 0.72 కన్నా ఎక్కువే, ఎందుకంటే వర్గాల మొత్తాన్ని అతి తక్కువ చేసే అంకె ఆ ఏడింటి సొంత సగటే. అంటే శాంపిల్‌ను దాని సొంత సగటుతో కొలిస్తే చెదురు సగటున ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. భాజకాన్ని ఒకటి తగ్గించడం ఆ తరుగును పూడ్చడానికే.

సరిగ్గా ఒకటే ఎందుకన్నది ఇంకా చిన్న లెక్కతో తేలిపోతుంది. పాపులేషన్‌లో 2, 4, 6 అనే మూడు అంకెలే ఉన్నాయనుకోండి. సగటు 4, విస్తృతి, అంటే విచలనాల వర్గాల సగటు, 8/3. ఇందులోంచి, తీసినదాన్ని మళ్లీ కలిపేస్తూ, రెండేసి అంకెల శాంపిళ్లు తీస్తే మొత్తం తొమ్మిది వస్తాయి. ఒకే అంకె రెండుసార్లు వచ్చిన మూడింటిలో వర్గాల మొత్తం సున్నా. రెండు తేడా ఉన్న నాలుగింటిలో తలా 2. నాలుగు తేడా ఉన్న రెండింటిలో తలా 8. అన్నీ కలిపితే 24, ఒక్కో శాంపిల్‌కు సగటున 24/9, అంటే 8/3. దీన్ని n అయిన రెండుతో భాగిస్తే 4/3 వచ్చి అసలు విస్తృతిలో సగమే దక్కుతుంది. n−1 అయిన ఒకటితో భాగిస్తే సరిగ్గా 8/3 వస్తుంది. తొమ్మిది శాంపిళ్లనూ కాగితం మీద స్వయంగా రాసి చూడండి, చదివి వదిలేయవద్దు.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. ఈ సవరణ విస్తృతిని సరిచేస్తుంది. వర్గమూలం తీశాక వచ్చే ప్రామాణిక విచలనం సగటున ఇంకా కాస్త తక్కువగానే ఉంటుంది. అలాగే వరుస రోజుల కొలతలు ఒకదాన్నొకటి అనుసరించి నడిస్తే, ఉదాహరణకు మేత మారడంతో వారమంతా శాతం పెరుగుతూ పోతే, ఆ ఏడు అంకెలకు ఏ భాజకం వాడినా మామూలు చెదురుకు నమ్మదగిన అంచనా రాదు.

యంత్రంతో సరిపోల్చేటప్పుడు ఏ ఫంక్షన్ ఏ భాజకం వాడుతుందో ముందు తెలుసుకోవాలి. ఎక్సెల్‌లో ఇలా రాస్తే రెండు జవాబులూ వస్తాయి.

```
=STDEV.P(A1:A7)
=STDEV.S(A1:A7)
```

మొదటిది 0.3207, రెండోది 0.3464. పాత `STDEV` కూడా n−1నే వాడుతుంది. పైథాన్‌లో నమ్‌పై వారి `std` ఏమీ చెప్పకపోతే n తో, పాండాస్ వారి `std` n−1తో భాగిస్తాయి కాబట్టి ఒకే పట్టికకు రెండు జవాబులు రావడం సహజం.

మీ జవాబుకూ యంత్రం జవాబుకూ తేడా వస్తే నేను వాడే దగ్గరిదారి ఒకటుంది. పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. ఏడు అంకెలకైతే 7/6 వర్గమూలం, అంటే 1.08 వస్తే తేడా భాజకానిదే, మీ కూడికలు సరైనవే. 0.3464ను 0.3207తో భాగిస్తే సరిగ్గా అదే వస్తుంది. మరో నిష్పత్తి ఏది వచ్చినా ఎక్కడో లెక్క తప్పింది. ముప్పై అంకెలుంటే ఈ నిష్పత్తి 1.017కు పడిపోతుంది, అందువల్ల భాజకం గురించిన పట్టింపు చిన్న పట్టికలకే ఎక్కువ అవసరం.

అభ్యాసం. కొలిచే యంత్రం తప్పు చూపించిందని 7.1ను తీసేశారనుకోండి. మిగిలిన ఆరింటికి సగటు, మధ్యగతం, రెండు రకాల ప్రామాణిక విచలనాలు కట్టండి. ఒక విద్యార్థి సగటును మళ్లీ కట్టకుండా పాత 6.5 నుంచే విచలనాలు తీసి, ఆరుతో భాగించి 0.2449 అన్నాడు. శాంపిల్ ప్రామాణిక విచలనం నిజంగానే 0.2449. అతని పద్ధతి తప్పైనా జవాబు ఎలా కలిసిందో వర్గాల మొత్తాలతో నిరూపించండి, తర్వాత 7.1కి బదులు 6.1ను తీసేసి అదే పద్ధతి వాడితే ఈసారి జవాబు కలుస్తుందో లేదో లెక్క కట్టి పంపండి.